‘మందులు పడలేదు’ అన్న మాట దగ్గర ఆగిపోయే చికిత్స

కొత్త మందు మొదలుపెట్టాక ఒంట్లో ఏ తేడా వచ్చినా మన ఇళ్ళలో ముందుగా వినిపించే మాట ‘మందులు పడలేదు’. ఆ వెంటనే మందు ఆపేస్తారు. కొన్ని జబ్బుల్లో దీనివల్ల పెద్ద నష్టం జరగకపోవచ్చు. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో మాత్రం ఈ ఒక్క మాట మీద తీసుకున్న నిర్ణయం ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే ఆ రోజుల్లో కొందరికి వచ్చే జ్వరం, ఉబ్బే లింఫు గ్రంథుల బిళ్ళలు, ఆయాసం మందు పడకపోవడం వల్ల వచ్చేవి కావు. మందు పనిచేయడం మొదలుపెట్టడం వల్ల వచ్చేవి. వైద్యులు దీన్ని క్లుప్తంగా ఐరిస్ అంటారు. కుప్పకూలిన రోగనిరోధక వ్యవస్థ తిరిగి లేచే క్రమంలో, శరీరంలో అప్పటికే ఉన్న సూక్ష్మజీవుల మీద అదుపు తప్పి విరుచుకుపడటమే ఐరిస్.

దీనికి కారణమయ్యే సూక్ష్మజీవులు చాలానే ఉన్నాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది క్షయతో ముడిపడినది కాబట్టి ఈ వ్యాసం దానికే పరిమితం.

విషయం స్పష్టంగా చూడటానికి ఒక రోగిని ఊహించుకుందాం. ఇతడు ఏ ఒక్క నిజమైన మనిషీ కాడు, కానీ ఇతడి కథలోని ఒక్కో మలుపూ ఏఆర్‌టీ కేంద్రాలలో పనిచేసేవారికి బాగా తెలిసినదే. వయసు 38. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. (రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీసి క్షయకు దారి తెరుస్తుంది. హెచ్‌ఐవీ కూడా దానికి తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.) మూడు నెలలుగా సాయంత్రం పూట జ్వరం, తగ్గిపోతున్న బరువు, మెడకు ఎడమవైపు వరుసగా కట్టిన బిళ్ళలు. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షిస్తే హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. రోగనిరోధక కణాల లెక్క చెప్పే సీడీ4 కౌంట్ 38. ఆరోగ్యవంతులలో ఇది సాధారణంగా 500కు పైనే ఉంటుంది. బిళ్ళలోంచి సూదితో తీసిన ద్రవాన్ని, బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పసిగట్టే సీబీనాట్ యంత్రంలో పరీక్షిస్తే క్షయ బ్యాక్టీరియా కనిపించింది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు అది లొంగుతుందని కూడా అదే పరీక్ష చెప్పింది.

ముందుగా క్షయ మందులు మొదలుపెట్టారు. అతడి బరువు 46 కిలోలు కాబట్టి నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు మూడు. పది రోజులకు జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది, బిళ్ళలు కొంచెం మెత్తబడ్డాయి. పదిహేనో రోజున ఏఆర్‌టీ మొదలైంది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన టీఎల్‌డీ మాత్ర రోజుకు ఒకటి, పన్నెండు గంటల తేడాతో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర విడిగా మరొకటి. ఈ రెండో మాత్ర ఎందుకో చాలామందికి అర్థం కాదు. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. ఆ లోటును పూడ్చడానికే అదనపు మాత్ర.

ఏఆర్‌టీ మొదలైన పదకొండో రోజు రాత్రి అతడికి 103 డిగ్రీల జ్వరం వచ్చింది. మరో మూడు రోజులకు మెడలోని బిళ్ళ నిమ్మకాయంత అయింది. పైచర్మం ఎర్రబడి పలచబడింది. కొత్తగా దగ్గు, ఎడమ పక్క నొప్పి మొదలయ్యాయి. క్షయ మందులతో తేరుకుంటున్న మనిషి హెచ్‌ఐవీ మందు పడ్డాకే ఇలా అయ్యాడని ఇంట్లోవాళ్ళకు అనిపించడం సహజం. వాళ్ళు చూసిన కాలక్రమం తప్పు కాదు. దాని నుంచి తీసిన అర్థమే తప్పు.

ఆ రెండు వారాల్లో లోపల ఏం జరిగిందో చూద్దాం. సీడీ4 కణాలు రోగనిరోధక వ్యవస్థకు ఆజ్ఞలిచ్చే కణాలు. అవి 38కి పడిపోయిన శరీరంలో క్షయ బ్యాక్టీరియా అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. బిళ్ళల్లో, ఊపిరితిత్తుల్లో, ఒక్కోసారి కాలేయంలో, ప్లీహంలో కోట్లకొద్దీ చేరుతుంది. బ్యాక్టీరియాను మింగే మాక్రోఫేజ్ కణాలు అక్కడ లేకపోలేదు. కానీ వాటికి ‘చంపండి’ అని సంకేతమిచ్చే సీడీ4 కణాలు లేక అవి సగం మేలుకున్న స్థితిలో ఆగిపోతాయి. అందుకే అంత ఇన్‌ఫెక్షన్ ఉన్నా వాపు, నొప్పి పెద్దగా కనిపించవు. జబ్బు లేక కాదు, పోరాడేవాళ్ళు లేక శరీరం నిశ్శబ్దంగా ఉంటుంది.

ఏఆర్‌టీ మొదలుకాగానే రక్తంలో వైరస్ చాలా వేగంగా పడిపోతుంది. కొన్ని వారాల్లోనే వందో వంతుకూ అంతకన్నా తక్కువకూ చేరుతుంది. సీడీ4 కణాలు పెరగడం మొదలవుతుంది. ఈ తొలి పెరుగుదలలో చాలా భాగం కొత్తగా పుట్టిన కణాలది కాదు. అంతవరకు లింఫు గ్రంథుల్లో చిక్కుకుపోయి ఉన్న పాత జ్ఞాపక కణాలు బయటికి వస్తాయి. క్షయను వెనకెప్పుడో చూసిన కణాలు వాటిలో ఉంటాయి. ఎదురుగా కోట్లకొద్దీ బ్యాక్టీరియా, చనిపోయిన బ్యాక్టీరియా గోడల ముక్కలు. ఆగిపోయి ఉన్న మాక్రోఫేజ్‌లకు ఒక్కసారిగా సంకేతాలు అందుతాయి. వాపును, జ్వరాన్ని పుట్టించే రసాయనాలు వరదలా విడుదలవుతాయి. ఎండిపోయిన పంట కాలువకు ఒకేసారి నిండా నీరు వదిలితే గట్లు తెగినట్టే. నీరు రావలసిందే, వచ్చిన తీరే ఇబ్బంది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఈ వాపు రావడానికి బ్యాక్టీరియా బతికి ఉండనవసరం లేదు. క్షయ మందులు చంపిన బ్యాక్టీరియా శకలాలు చాలు. అందుకే బిళ్ళలోంచి తీసిన చీమును సూక్ష్మదర్శినిలో చూస్తే బ్యాక్టీరియా కనిపించవచ్చు, సీబీనాట్‌లో కూడా ‘ఉంది’ అని రావచ్చు. అదే చీములోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్‌కు పెడితే ఏమీ మొలకెత్తకపోవచ్చు. పాజిటివ్ రిపోర్టు చూసి ‘క్షయ మందులు పనిచేయడం లేదు’ అని తేల్చడం ఇక్కడ జరిగే రెండో పొరపాటు.

ఐరిస్ రెండు రకాలుగా వస్తుంది. మన రోగిలో లాగా జబ్బు ముందే తెలిసి, చికిత్సకు లొంగుతూ ఉండగా మళ్ళీ భగ్గుమనడం ఒకటి. క్షయ ఉన్న సంగతే తెలియకుండా ఏఆర్‌టీ మొదలుపెడితే, దాక్కున్న క్షయ ఒక్కసారిగా తీవ్రరూపంలో బయటపడటం రెండోది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు ఉన్నాయా అని ఏఆర్‌టీ కేంద్రంలో ప్రతిసారీ అడిగేది ఈ రెండో రకాన్ని ముందే పట్టుకోవడానికే.

మొదటి రకం ఎందరికి వస్తుందనేది ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే క్షయ, హెచ్‌ఐవీ రెండూ ఉండి ఏఆర్‌టీ మొదలుపెట్టినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి వస్తుంది. సీడీ4 50 కన్నా తక్కువ ఉన్నవారిలో, క్షయ ఊపిరితిత్తులు దాటి ఇతర భాగాలకు పాకినవారిలో, క్షయ మందులకూ ఏఆర్‌టీకీ మధ్య గడువు తక్కువగా ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. మన రోగిలో ఈ మూడూ ఉన్నాయి. చాలామందిలో ఇది మొదటి నాలుగు వారాల్లోనే కనిపిస్తుంది. మూడు నెలలు దాటాక వస్తే వేరే కారణం కోసం వెతకాలి.

అలాగైతే ఏఆర్‌టీని ఇంకొంచెం ఆలస్యంగా మొదలుపెడితే పోదా? ఈ ప్రశ్న వైద్యులను ఏళ్ళ తరబడి వేధించింది. కంబోడియాలో 661 మంది రోగులపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సీడీ4 మధ్యస్థ విలువ 25 ఉన్న, చాలా నీరసించిన మనుషులు వాళ్ళు. సగం మందికి క్షయ మందులు మొదలైన రెండు వారాలకు, మిగతా సగానికి ఎనిమిది వారాలకు ఏఆర్‌టీ ఇచ్చారు. త్వరగా మొదలుపెట్టినవారిలో ఐరిస్ రెండున్నర రెట్లు ఎక్కువగా వచ్చింది. కానీ వాళ్ళలో చనిపోయినవారు 18 శాతం. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో 27 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం విషయం తేటపడుతుంది. ఐరిస్ కష్టపెడుతుంది, ఆసుపత్రి పాలు చేస్తుంది. కానీ రోగనిరోధక శక్తి లేకుండా గడిపే ఆరు వారాలు అంతకన్నా ఎక్కువ మందిని చంపుతాయి. కాబట్టి ఐరిస్ వస్తుందని తెలిసినా త్వరగానే మొదలుపెట్టాలి, వచ్చినప్పుడు ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి చెబుతున్నది కూడా ఇదే. సీడీ4 ఎంత ఉన్నా క్షయ మందులు మొదలైన రెండు వారాలలోపు ఏఆర్‌టీ ప్రారంభించాలి.

దీనికి మినహాయింపు మెదడు. క్షయ గానీ, క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం గానీ మెదడు పొరలకు సోకితే అక్కడ వాపుకు చోటు లేదు. మెడలో బిళ్ళ ఉబ్బితే చర్మం సాగుతుంది, పుర్రె సాగదు. క్రిప్టోకాకస్ మెనింజైటిస్ ఉన్నవారిలో ఏఆర్‌టీని ఒకటి రెండు వారాల్లోనే మొదలుపెడితే, ఐదు వారాలు ఆగినవారికన్నా ఎక్కువ మంది చనిపోయారని ఉగాండా, దక్షిణాఫ్రికాలలో జరిగిన పరిశోధన 2014లో తేల్చింది. అందుకే క్షయ మెనింజైటిస్‌లో నాలుగు నుంచి ఎనిమిది వారాలు, క్రిప్టోకాకస్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. సీడీ4 100 కన్నా తక్కువ ఉన్నవారికి ఏఆర్‌టీకి ముందే క్రిప్టోకాకస్ రక్తపరీక్ష చేసేదీ ఇందుకే. తలనొప్పి లేకపోయినా ఆ పరీక్ష చేయించాలి.

మళ్ళీ మన రోగి దగ్గరకు వద్దాం. ఐరిస్‌ను ‘ఇదే’ అని చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుకుంటూ దాని దగ్గరకు చేరాలి. మొదటి ప్రశ్న, మందులు నిజంగా వేసుకుంటున్నాడా? మిగిలిన మాత్రలు లెక్కపెడితే కొంత తెలుస్తుంది. మూత్రం నారింజ రంగులో ఉందా అని అడిగితే ఇంకొంత తెలుస్తుంది. రిఫాంపిసిన్ ఒంట్లోకి చేరితే కొన్ని గంటల్లో మూత్రానికి ఆ రంగు వస్తుంది. ఖర్చు లేని ఈ పరీక్షను చాలాసార్లు మరచిపోతారు.

రెండో ప్రశ్న, బ్యాక్టీరియా మందులకు మొండికేసిందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఐరిస్‌లాగే కనిపించి, చివరికి రిఫాంపిసిన్‌కు లొంగని క్షయగా తేలిన రోగులు ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఐరిస్ అనుకుని వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇస్తే లొంగని జబ్బుకు దారి ఇచ్చినట్టే. మొదట్లో చేసిన సీబీనాట్ రిఫాంపిసిన్ గురించి చెప్పింది, మరో ముఖ్యమైన క్షయ మందు ఐసోనియాజిడ్ గురించి చెప్పలేదు. అందుకే కొత్తగా తీసిన చీమును కల్చర్‌కూ, ఈ రెండు మందులకూ లొంగుతుందో లేదో చెప్పే లైన్ ప్రోబ్ పరీక్షకూ పంపాలి. కల్చర్‌లో ఏమీ మొలకెత్తలేదని ఖాయంగా చెప్పడానికి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా ఉన్న ఆధారాలతోనే నిర్ణయం తీసుకోక తప్పదు.

మూడోది, మరో ఇన్‌ఫెక్షనో, లింఫోమా వంటి క్యాన్సరో ఉందా? నాలుగోది, ఇది మందు దుష్ఫలితమా? ఇక్కడే ‘మందులు పడలేదు’ అన్న మాటలో కొంత నిజం కూడా ఉందని ఒప్పుకోవాలి. కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే క్షయ మందులు కాలేయాన్ని దెబ్బతీస్తూ ఉండవచ్చు. అప్పుడు వాటిని ఆపవలసిందే, అదీ వైద్యుడు చెప్పినట్టు. ఒంటినిండా దద్దురుతో జ్వరం వచ్చినా అదే మాట. కానీ బిళ్ళ ఉబ్బడం, చీము పట్టడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం సాధారణంగా మందు పడకపోవడం వల్ల జరగవు.

మన రోగికి కాలేయ పరీక్షలు మామూలుగా వచ్చాయి. మాత్రలు సరిగ్గానే వేసుకున్నాడు. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి చుట్టూ కొంచెం నీరు కనిపించింది. క్రిప్టోకాకస్ లేదు. చీములో చేసిన సీబీనాట్‌లో బ్యాక్టీరియా ఉంది, రిఫాంపిసిన్‌కు లొంగుతోంది. మొదట మందులతో తేరుకున్నాడు, ఏఆర్‌టీ పడిన రెండు వారాలలోపే ఎదురు తిరిగింది. ఇన్ని ఆనవాళ్ళు కలిశాయి కాబట్టి ఇది ఐరిసే అని నిర్ణయించవచ్చు.

చికిత్సలో మొదటి సూత్రం, క్షయ మందులూ ఏఆర్‌టీ రెండూ కొనసాగించడం. ఏఆర్‌టీ ఆపితే జ్వరం తగ్గవచ్చు. శరీరం మళ్ళీ నిద్రలోకి జారుకుంది కాబట్టి తగ్గుతుంది. వైరస్ తిరిగి పెరుగుతుంది, మందులకు మొండికేసే అవకాశం పుడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఐరిస్ మళ్ళీ రావచ్చు. మెదడులో వాపు వచ్చి ప్రాణాపాయం ఏర్పడిన అరుదైన సందర్భాల్లో తప్ప ఆపే ప్రశ్న రాదు.

బిళ్ళ కొంచెం ఉబ్బి, తక్కువ జ్వరం ఉంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. నొప్పి మందులతో గడిచిపోతుంది. మన రోగి స్థితి అంతకన్నా తీవ్రం. అతడికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ అవసరం. దక్షిణాఫ్రికాలో 110 మందిపై చేసిన పరిశోధనలో, కిలో బరువుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు, అందులో సగం మరో రెండు వారాలు ఇస్తే ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి, రోగులు త్వరగా తేరుకున్నారు. 46 కిలోలకు లెక్కిస్తే ఇంచుమించు 70 మిల్లీగ్రాములు, తర్వాత 35. మోతాదు ఎక్కువగా కనిపించడానికి మళ్ళీ రిఫాంపిసినే కారణం. అది స్టెరాయిడ్‌ను కూడా త్వరగా కరిగిస్తుంది.

మెడ బిళ్ళలోని చీమును సూదితో లాగేయాలి. కత్తితో కోస్తే ఆ గాయం నెలల తరబడి మానకుండా కారుతూ ఉంటుంది. పసరు కట్టు కట్టినా, కాల్చి వాత పెట్టినా లోపలి వాపు తగ్గదు, పలచబడిన చర్మం త్వరగా చిట్లుతుంది.

స్టెరాయిడ్ మొదలైన రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోవాలి. దిగకపోతే రోగ నిర్ధారణను మళ్ళీ మొదటి నుంచి ప్రశ్నించాలి. దిగినా ఊరట పడిపోకూడదు, ఎందుకంటే లింఫోమాను కూడా స్టెరాయిడ్ కొంతకాలం తగ్గినట్టు చూపిస్తుంది. చక్కెర, రక్తపోటు వారం వారం చూడాలి. హెపటైటిస్ బి ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. కాళ్ళకు చెప్పులు లేకుండా తడి మట్టిలో పనిచేసేవారి పేగుల్లో స్ట్రాంజిలాయిడ్స్ అనే పురుగు ఉండవచ్చు. స్టెరాయిడ్ కింద అది ఒళ్ళంతా పాకి ప్రాణం తీయగలదు. వరి మడుల్లో బతుకు గడిపేవారున్న నెల్లూరు ప్రాంతంలో దీన్ని గుర్తుపెట్టుకోవడం అవసరం.

ముప్పు ఎక్కువ ఉన్నవారికి ముందే స్టెరాయిడ్ ఇచ్చి ఐరిస్‌ను నివారించవచ్చా అన్న ప్రశ్నకు కేప్‌టౌన్‌లో 240 మందిపై జరిగిన పరిశోధన 2018లో జవాబిచ్చింది. సీడీ4 100 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారికి ఏఆర్‌టీతో పాటు 40 మిల్లీగ్రాములు రెండు వారాలు, 20 మరో రెండు వారాలు ఇచ్చారు. ఐరిస్ దాదాపు 47 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. మరణాలు తగ్గినట్టు మాత్రం తేలలేదు. పైగా మందులకు లొంగని క్షయ ఉన్నవారిని, హెపటైటిస్ బి ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. ఆ పరీక్షలన్నీ ముందే చేయగలిగిన చోటే ఈ పద్ధతి సురక్షితం.

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో అసలు చిక్కు మందుల దగ్గర లేదు, దూరం దగ్గర ఉంది. కనిగిరి వైపు పల్లె నుంచో, ఉదయగిరి వైపు నుంచో ఏఆర్‌టీ కేంద్రానికి రావడమంటే ఒక రోజు కూలి పోవడం, బస్సు ఖర్చు. తెలిసినవాళ్ళు చూస్తారనే భయంతో దగ్గరి కేంద్రం వదిలి దూరపు ఊళ్ళో పేరు నమోదు చేయించుకునేవారూ ఉన్నారు. జ్వరం వచ్చిన రాత్రి వాళ్ళు వెళ్ళేది ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరకు. అక్కడ హెచ్‌ఐవీ సంగతి చెప్పరు. అతడు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఒకటి, డెక్సామెథసోన్ ఒకటి ఇంజెక్షన్ ఇస్తాడు. రెండోది కూడా స్టెరాయిడే కాబట్టి తెల్లారేసరికి జ్వరం పోతుంది. ‘ఏఆర్‌టీ ఆపాం, ఇంజెక్షన్ వేయించాం, తగ్గింది’ అన్న నమ్మకం అక్కడే స్థిరపడుతుంది. రెండు రోజులకు జ్వరం తిరిగి వస్తుంది, మళ్ళీ ఇంజెక్షన్. టెనోఫోవిర్ వాడేవారికి డైక్లోఫెనాక్ పదే పదే ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు కూడా ఉంది. రోగి కేంద్రానికి చేరేసరికి అసలు లక్షణాలేవో, ఇంజెక్షన్లు కప్పిపెట్టినవేవో విడదీయడం కష్టమవుతుంది.

ఈ వలయాన్ని తెంచే చోటు మొదటి మాత్ర ఇచ్చే రోజే. సీడీ4 తక్కువగా ఉండి క్షయ కూడా ఉన్న ప్రతి రోగికీ ఆ రోజే చెప్పాలి: ‘వచ్చే నెలలో జ్వరం రావచ్చు, బిళ్ళలు పెరగవచ్చు. మందు పనిచేస్తున్నందువల్ల అలా జరగవచ్చు. మాత్రలు ఆపకుండా మా దగ్గరకు రండి.’ తలనొప్పితో వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే రమ్మని విడిగా చెప్పాలి. ఫోను నంబరు రాసిచ్చి, రెండో వారంలో కేంద్రం నుంచే ఒకసారి ఫోను చేస్తే ఇంకా మంచిది. ముందే చెప్పిన జ్వరం వచ్చినప్పుడు ఇంటివాళ్ళు దాన్ని కీడుగా చూడరు.

మన రోగికి మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగు వారాలకు స్టెరాయిడ్ ఆపగానే బిళ్ళ మళ్ళీ కొంచెం ఉబ్బింది. ఇది తరచూ జరిగేదే. మోతాదును మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఆరు వారాలపాటు మెల్లగా తగ్గించారు. మెడలోంచి మూడుసార్లు చీము తీశారు. కల్చర్‌లో ఏమీ మొలకెత్తలేదు. ఆరు నెలల క్షయ చికిత్స ముగిసేసరికి బరువు 54 కిలోలు, సీడీ4 190. మెడ దగ్గర గోలీకాయంత గట్టి బిళ్ళ ఒకటి మిగిలింది, నొప్పి లేదు. రిఫాంపిసిన్ ప్రభావం కాలేయం నుంచి పోవడానికి వ్యవధి కావాలి కాబట్టి, క్షయ మాత్రలు ఆపిన మరో రెండు వారాల వరకు రెండో డోలుటెగ్రావిర్ మాత్ర కొనసాగింది. ఆ తర్వాత అతడికి మిగిలింది రోజుకు ఒక్క టీఎల్‌డీ మాత్ర.